వడ్డీ ఒక్కటే, వాకిలి వేరు: సొసైటీ లోన్, బ్యాంకు లోన్, మన వాడ

గత భాగం కింద చాలామంది విద్యార్థులు ఒకే ప్రశ్న రాశారు. "అన్నా, మా నాయన పసుపు పెడుతున్నడు, సొసైటీల లోన్ తీసుకోమంటవా, బ్యాంకుల తీసుకోమంటవా? ఏది అగ్గువ?" ఇది మంచి ప్రశ్నే గానీ, సగం ప్రశ్న. ఏది అగ్గువ అనేదానికి జవాబు పది నిమిషాల్లో తేలిపోతుంది. అసలు మనల్ని ఏ వాకిలి లోపలికి రానిస్తుంది, లోపలికి పోయాక మన మాటకు విలువ ఎక్కడుంటుంది అన్నది మిగతా సగం. ఈ భాగంలో రెండూ మాట్లాడుకుందాం. ఉదాహరణ మాత్రం మా జక్రాన్‌పల్లి వైపుదే, పంట పసుపే.

ముందు వడ్డీ లెక్క చూద్దాం.

మనం "సొసైటీ" అనో "సింగిల్ విండో" అనో పిలిచేది ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం. దాని మీద నిజామాబాద్ జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఉంటుంది. ఆ పైన హైదరాబాద్‌లో రాష్ట్ర సహకార అపెక్స్ బ్యాంకు, దానికి వెనక నాబార్డు. పైసలు పైనుంచి కిందికి ఈ మెట్లు దిగుతూ వస్తాయి. సింగిల్ విండో అనే పేరు 1987లో వచ్చింది. అంతకుముందు పంట లోను ఒక సంఘంలో, బావికో ట్రాక్టర్‌కో దీర్ఘకాలిక లోను ఇంకో బ్యాంకులో తీసుకోవాల్సి వచ్చేది. రెండూ ఒకే కిటికీ దగ్గర దొరకాలని కలిపారు కాబట్టి ఆ పేరు.

వాణిజ్య బ్యాంకు అంటే ఆర్మూర్ రోడ్డు మీద మనం చూసే జాతీయ బ్యాంకుల శాఖలు. గ్రామీణ బ్యాంకును కూడా ఈ లెక్క వరకు అటువైపే వేసుకోండి.

3 లక్షల లోపు పంట రుణానికి ఈ రెండు చోట్లా వడ్డీ 7 శాతమే. ఏడాది లోపు కడితే కేంద్రం 3 శాతం తగ్గిస్తుంది, నికరంగా 4 శాతం పడుతుంది. ఎకరానికి ఏ పంటకు ఎంత ఇవ్వాలో చెప్పే "రుణ పరిమితి" కూడా సొసైటీకొకటి, బ్యాంకుకొకటి ఉండదు. జిల్లా సాంకేతిక కమిటీలో చర్చించి ఏటా ఖరారు చేసేదే ఇద్దరికీ ఆధారం.

లెక్క తేలికగా ఉండడానికి పసుపుకు ఎకరానికి 80 వేలు అనుకుందాం. ఎకరం ఉన్న రైతు బ్యాంకులో తీసుకుంటే ఖాతాలో 80 వేలు పడతాయి. ఏడాది వడ్డీ 5,600. గడువులో కడితే 2,400 పోను 3,200.

అదే సొసైటీలో తీసుకుంటే వడ్డీ ఇదే 3,200. కాకపోతే లోనులో కొంత వాటాధనం కింద పట్టుకుంటారు. చిన్న రైతుకు సాధారణంగా 5 శాతం, మిగతావాళ్లకు 10 శాతం దాకా. 5 శాతం అయితే 4 వేలు పోయి చేతికి 76 వేలు వస్తాయి. వడ్డీ మాత్రం 80 వేల మీదే. అంటే 76 వేలు వాడుకుని 3,200 కడుతున్నాం, అసలు వడ్డీ 4.2 శాతం చిల్లర అవుతుంది. ఆ 4 వేలు మునిగిపోయిన పైసలు కావు. అవి మీ షేరు, మీ పేరు మీద సంఘంలో ఉంటాయి. వచ్చే ఏడు అంతే లోను తీసుకుంటే మళ్లీ పట్టుకోవాల్సిన పని లేదు. లోను పెరిగితే పెరిగినదాని మేరకే పట్టుకోవాలి. ప్రతి ఏడూ మొత్తం మీద పట్టుకుంటున్నారంటే ఎక్కడో తేడా ఉందని అర్థం. షేరు ఖాతా నకలు అడగండి.

ఇంతే తేడా. 80 వేల మీద ఒక్కసారి కట్టే నాలుగు వేల షేరు. కాబట్టి "సొసైటీ అగ్గువ, బ్యాంకు పిరం" అన్నా, దాన్ని తిప్పి చెప్పినా పంట లోను వరకు రెండూ నిజం కావు.

మరి మన వాడలో ఇంతమంది పసుపు పెట్టేవాళ్లు ఈ 4 శాతం లోను కాదని అడ్తిదారు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ఎందుకు పోతున్నారు?

మా చిన్నాయన సంగతి చెప్తాను. పేర్లు వద్దు. ఆయనకు ఒక ఎకరం లావణి పట్టా భూమి ఉంది. సర్కారు పంచిన భూమి, కాయితాల్లో అసైన్డ్ అంటారు. ఇంకో రెండెకరాలు ఊర్లో ఒక ఆసామి దగ్గర కౌలుకు చేస్తాడు. మూడెకరాల్లో పసుపు. ఎకరానికి విత్తనమే దాదాపు పది క్వింటాళ్ల కొమ్ములు కావాలి. జూన్‌లో పెడితే చేతికి వచ్చేది జనవరి తర్వాత. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. అప్పుడు నిజామాబాద్ యార్డుకు పోవాలి. అన్ని నెలలూ పెట్టుబడే, రాబడి ఏమీ ఉండదు.

ముందు సొసైటీకి పోయాడు. "లావణి పట్టాకు లోన్ రాదు, అమ్మే హక్కు లేని భూమి కదా, బ్యాంకుకు పో" అన్నారు. బ్యాంకుకు పోతే "మీ ఊరికి సొసైటీ ఉంది కదా, అక్కడ బాకీ లేదని కాయితం పట్టుకురా" అన్నారు. సొసైటీలో ఆ కాయితం అడిగితే "నువ్వు మా సభ్యుడివే కావు, నీకేం కాయితం ఇస్తం" అన్నారు. నాలుగు తిరుగుళ్లయ్యాయి, తిరుగుడుకో రోజు కూలి పోయింది. ఇంతలో వాన పడింది. వాన పడ్డాక విత్తనం ఆగదు. అడ్తిదారు దుకాణం మాత్రం పొద్దున తెరిచే ఉంది.

ఈ కథలో ఎవరూ గట్టిగా తిట్టలేదు, కులం పేరెత్తలేదు. ప్రతి ఒక్కరూ ఒక రూల్ చెప్పారు. ఆ రూళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని చూద్దాం. మన పని మొదలయ్యేది అక్కడే.

మొదటిది, లావణి పట్టాకు లోన్ రాదనే మాట. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే 1977 నాటి 9వ చట్టం మనందరికీ తెలుసు. ఆ భూమిని అమ్మరాదు, కొనరాదు, అలా కొన్నా చెల్లదు. భూమి మన చేతుల్లోంచి జారిపోకుండా తెచ్చిన చట్టం అది. అదే చట్టంలో 6వ సెక్షన్ ఉంది. సర్కారు దగ్గర, సహకార సంఘం దగ్గర, షెడ్యూల్డ్ బ్యాంకు దగ్గర తాకట్టులో ఉన్న అసైన్డ్ భూమికి ఈ నిషేధం వర్తించదని అది చెబుతుంది. అంటే ఆసామికి రాసివ్వడం తప్పు, లోను కోసం సొసైటీకో బ్యాంకుకో పెట్టడం తప్పు కాదు. కౌంటర్ దగ్గర మనకు మొదటి సగమే చెబుతారు. రెండో సగం మనం చదువుకుని పోవాలి.

బ్యాంకు విషయంలో ఇంకో మాట. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ పెట్టింది. అంతకుముందు ఆ హద్దు లక్షా 60 వేలు. మా చిన్నాయన అడిగింది 80 వేలు. తాకట్టే అక్కర్లేని లోనుకు "అమ్మే హక్కు లేని భూమి" అనే అడ్డు ఎక్కడి నుంచి వచ్చింది?

రెండోది, కౌలు. ఇక్కడ సొసైటీ, బ్యాంకు రెండూ ఒక్కటే. రెండూ పట్టాదారు పాసుబుక్కునే చూస్తాయి, పసుపు పెట్టిన మనిషిని చూడవు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారుల చట్టం వచ్చింది. తహసీల్దార్ దగ్గర దరఖాస్తు పెట్టుకుంటే ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వాలి. దానితో భూమి మీద హక్కు రాదు, లోనుకు అర్హత మాత్రం వస్తుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఆ కార్డులు ఇవ్వడం ఆగిపోయింది. ధరణిలో సాగుదారు కాలమే లేకుండా పోయింది. దాంతో కౌలు రైతు కాయితాల మీద లేని మనిషి అయ్యాడు. మన దళితుల్లో పసుపు పెట్టేవాళ్లు ఎక్కువమంది కౌలు మీదే ఉన్నారు కాబట్టి ఈ దెబ్బ అందరికన్నా ముందు తగిలింది మనకే.

కార్డు ఉన్న రోజుల్లో కూడా ఒక చిక్కు ఉండేది. ఆ సర్వే నంబరు మీద ఆసామి అప్పటికే లోను తీసుకుని ఉంటాడు. ఒకే భూమికి, ఒకే పంటకు రెండు లోన్లు ఇవ్వరు. ఆసామి 4 శాతానికి తెచ్చుకున్న పంట లోను హైదరాబాద్‌లో ప్లాటుకు పోతుంది. ఆ పంట నిజంగా పెట్టినవాడు 24 శాతానికి తెచ్చుకుంటాడు.

ఎంత పోతుందో చూడండి. రెండు కౌలు ఎకరాలకు లక్షా 60 వేలు అనుకుంటే, నూటికి రెండు లెక్కన నెలకు 3,200. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా తొమ్మిది నెలలకు 28,800. అదే 4 శాతం లోను దొరికి ఉంటే 4,800. తేడా 24 వేలు. పసుపు క్వింటాలు 12 వేలు పలికిందనుకున్నా రెండు క్వింటాళ్లు. అది కళ్లకు కనపడే నష్టం. కనపడనిది ఇంకోటి ఉంది. అడ్తిదారు దగ్గర తెచ్చినవాడు సరుకు అడ్తిదారు దుకాణానికే తోలాలి. ధర పడిపోయిన రోజు "ఇంకో నెల ఆపుకుంట" అనే మాట అతని నోట రాదు.

2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి, నిజామాబాద్ బరిలో మొత్తం 185 మంది నిలబడిన సంగతి దేశమంతా చూసింది. పసుపు బోర్డు అడిగారు, 2025 జనవరిలో బోర్డు మొదలైంది. నేను దాన్ని తక్కువ చేయను. కానీ బోర్డు ధర గురించి మాట్లాడుతుంది. పంట ఎవరి పేరు మీద ఉంది, లోను ఎవరి పేరు మీద ఉంది అన్న ప్రశ్న ఆ నామినేషన్లలో లేదు. దాన్ని అడగాల్సింది మనమే.

2024 రుణమాఫీలో కూడా ఇదే కనపడింది. 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య పంట లోన్లకు కుటుంబానికి 2 లక్షల దాకా మాఫీ అన్నారు. సొసైటీ లోను అయినా బ్యాంకు లోను అయినా వర్తించింది. అడ్తిదారు బాకీకి వర్తించదు. లోను లేనివాడికి మాఫీ లేదు. లోను దక్కకపోవడం ఒక్క ఏడాదితో పోయే నష్టం కాదు, తర్వాత వచ్చే ప్రతి పథకం ఆ లోను మీదనే కూర్చుంటుంది.

ఇప్పుడు రెండు వాకిళ్ల తేడాకు వద్దాం.

బ్యాంకు మేనేజర్ బయటి మనిషి. మూడేండ్లకోసారి మారిపోతాడు. చాలాసార్లు తెలుగు రాదు. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పెద్ద బ్యాంకులో కలిసిపోయాక మా వైపు ముసలోళ్లు ఇప్పటికీ "మన బ్యాంకు పోయింది" అంటారు. అక్కడ మన కులం కన్నా మన కాయితం ముందు మాట్లాడుతుంది. కాయితం సరిగ్గా ఉంటే లోను వచ్చే అవకాశం ఉంది, లేకపోతే ఎంత మంచి రైతువైనా రాదు. ఊర్లో ఎవరితోనైనా పంచాయితీ పడ్డావా లేదా అన్నది ఆ మేనేజర్‌కు తెలియదు, అక్కర్లేదు.

సొసైటీలో ఉండేవాళ్లు ఊరి మనుషులు. కార్యదర్శికి నీ తాత పేరు కూడా తెలుసు. ఇది మంచికి వాడితే చాలా మంచిది. ఫలానా మనిషి నిజంగా పసుపు పెట్టాడు, పోయినేడు వాన దెబ్బ తిన్నాడు అని చెప్పడానికి ఏ కాయితమూ అక్కర్లేదు. సహకార సంఘం అనే ఆలోచన పుట్టిందే ఈ తెలిసినతనం మీద. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో పెట్టిన సంఘం విత్తనం నుంచి అమ్మకం దాకా సభ్యుడి వెంట నిలబడి చూపించింది కూడా. కాబట్టి సహకారం అనేదే మోసం అని నేను అనను.

కానీ మా ఆర్మూర్ వైపు ఊర్లలో తెలిసినతనానికి ఇంకో ముఖం ఉంది. గ్రామాభివృద్ధి కమిటీల సంగతి మీకు కొత్త కాదు. చట్టంలో లేని కమిటీ జరిమానా వేస్తుంది, దళిత కుటుంబాలను వెలివేస్తుంది, కిరాణం బందు పెడుతుంది. చాలా ఊర్లలో ఆ కమిటీలో కూర్చునే ఇండ్లవాళ్లే సొసైటీ పాలకవర్గంలో కూడా కూర్చుంటారు. అలాంటి ఊర్లో సొసైటీ లోను అడగడమంటే ఎవరి పొలంలో కూలికి పోనన్నామో వాళ్ల ముందు సంతకానికి నిలబడడం. ఊరి బయటి బ్యాంకు మనకు ఊపిరి ఆడే చోటుగా కనపడేది అందుకే.

మరి అందరం బ్యాంకుకే పోదామా? ఇక్కడే నా వాదన వేరు.

బ్యాంకులో మనం ఖాతాదారులం. సొసైటీలో సభ్యులం. బ్యాంకులో ఎంత పెద్ద ఖాతా ఉన్నా ఆ శాఖను నడిపే విషయంలో మనకు ఓటు లేదు. సొసైటీలో నలభై ఎకరాల ఆసామికీ, ఎకరం లావణి పట్టా ఉన్న మా చిన్నాయనకూ ఒక్కొక్క ఓటే. పాలకవర్గంలో 13 మంది డైరెక్టర్లు, వాళ్లలో ఎస్సీలకు కూడా రిజర్వు స్థానం ఉంది. ఆ 13 మంది అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. సంఘాల అధ్యక్షుల్లోంచి జిల్లా బ్యాంకు పాలకవర్గం తయారవుతుంది. ఎరువుల బస్తా ముందు ఎవరికి దక్కాలి, వడ్ల కొనుగోలు కేంద్రం ఏ వాడ దగ్గర పెట్టాలి అన్నది కూడా ఆ గదిలోనే తేలుతుంది.

మనవాళ్లు సభ్యులుగా లేకపోతే ఆ రిజర్వు స్థానానికి ఏం జరుగుతుందో ఆలోచించండి. నిలబడడానికి నలుగురే అర్హులుంటే, ఆసామి తన జీతగాణ్ణి నిలబెడతాడు. స్థానం మనది, సంతకం మనది, నిర్ణయం ఆయనది. చివరిసారి ఈ ఎన్నికలు 2020 ఫిబ్రవరిలో జరిగాయి. 2025 ఫిబ్రవరిలో ఐదేండ్ల గడువు ముగిసినా వెంటనే ఎన్నికలు పెట్టలేదు, పొడిగించారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తి చేరినవాడికి ఆ ఓటు దక్కదు. ముందే సభ్యుడై ఉండాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సొసైటీలో బంగారం పెట్టి లోను తీసుకునేవాళ్లకు "నామినల్ సభ్యత్వం" అని ఒక రసీదు ఇస్తారు. దానికి ఓటు లేదు. మన ఆడవాళ్లలో చాలామంది ఆ రసీదు చూపించి "మేం సభ్యులమే" అనుకుంటున్నారు. రసీదు మీద ఏ సభ్యత్వమని రాసి ఉందో చదవండి.

ఇక ఏదైనా తప్పు జరిగితే రెండు చోట్లా ఏమవుతుందో చూద్దాం. యాక్టివిస్టులకు ఇది అన్నింటికన్నా ముఖ్యం.

జాతీయ బ్యాంకు మీద ఫిర్యాదుకు దారి కనిపిస్తూనే ఉంటుంది. ముందు శాఖలో రాతపూర్వకంగా ఇవ్వాలి, తర్వాత జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్. సమాచార హక్కు కింద బ్యాంకునే నేరుగా అడగవచ్చు. ఎస్సీ, ఎస్టీలతో కలిపి బలహీన వర్గాలకు ఇంత శాతం రుణాలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ పెట్టిన లక్ష్యం 12 శాతం. మీ మండలంలోని శాఖ ఎంత ఇచ్చిందో అడగడానికి అదొక పట్టు.

ఊరి సొసైటీ మీద ఆ అంబుడ్స్‌మన్‌కు పోయే దారి లేదు. చట్టం లెక్కలో సొసైటీ బ్యాంకే కాదు. సహకార సంఘాలు అన్నీ వాటంతట అవే సమాచార హక్కు చట్టం కిందికి రావని 2013లో తలప్పలం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చాలామంది మనవాళ్లు అక్కడితో వదిలేస్తారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. రిజిస్ట్రార్ ప్రభుత్వ అధికారి, చట్టం ప్రకారం సంఘం నుంచి ఆయన తెప్పించుకోగల సమాచారాన్ని మనం ఆయన్నే అడగవచ్చు. అంటే దరఖాస్తు సొసైటీకి కాదు, జిల్లా సహకార అధికారి పేరున రాయాలి. సభ్యుల జాబితా, ఆడిట్ రిపోర్టు, బాకీదారుల జాబితా, మహాసభ తీర్మానాలు అడగవచ్చు.

సొసైటీల్లో జరిగే పెద్ద తప్పు వేరొకరి పేరు మీద లోను. చదువు రాని సభ్యుడి పాసుబుక్కు నకలు, వేలిముద్ర ఏదో ఒక పని చెప్పి తీసుకుంటారు. లోను అతని పేరు మీద రాస్తారు, పైసలు ఇంకొకరు వాడుకుంటారు. ఏటా కాయితం మీద కట్టినట్టూ, మళ్లీ తీసుకున్నట్టూ రాస్తే చాలు, బాకీ ఎన్నేండ్లయినా బతికే ఉంటుంది. ఇది ఎప్పుడు బయట పడుతుందంటే, మాఫీ జాబితాలో తన పేరు చూసుకున్నప్పుడు, లేదా ఇంకో బ్యాంకుకు పోతే "నీకు సొసైటీలో బాకీ ఉంది" అన్నప్పుడు. 2022లో కేంద్రం సొసైటీల కంప్యూటరీకరణ పథకం మొదలుపెట్టింది. రిజిస్టర్ కంప్యూటర్‌లోకి వస్తే ఇలా రాయడం కష్టమవుతుంది గానీ, తప్పు లెక్కనే ఎక్కించారా అన్నది చూసేది సభ్యుడే. ఏడాదికోసారి మీ ఇంటి లోను ఖాతా, షేరు ఖాతా నకళ్లు తీసుకోండి. లోను మంజూరైన తేదీ, కట్టిన తేదీ, మళ్లీ ఇచ్చిన తేదీ చూడండి. మీరు ఊర్లో లేని రోజున, పైసా ముట్టని రోజున మీ పేరు మీద కట్టినట్టు ఉంటే, అప్పుడే రాతపూర్వకంగా అడగాలి.

బాకీ పడితే కూడా రెండు చోట్లా ఒకేలా ఉండదు. గడువు దాటితే 3 శాతం రాయితీ ఇద్దరి దగ్గరా పోతుంది. బ్యాంకు నోటీసు ఇస్తుంది, ఖాతా మొండిబాకీ అవుతుంది, తర్వాత ఏ లోను అడిగినా ఆ మచ్చ కనపడుతుంది. ఇల్లు, దుకాణం స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకు బ్యాంకు కోర్టుకు పోవాలి. సొసైటీకి మాత్రం సహకార చట్టంలోనే సొంత వసూలు యంత్రం ఉంది. సివిల్ కోర్టుకు పోకుండానే రిజిస్ట్రార్ శాఖ నుంచి ఉత్తర్వు, సేల్ ఆఫీసర్, వేలం నోటీసు రావచ్చు. సభ్యుడు లోను సమయంలో రాసిచ్చే డిక్లరేషన్‌తోనే భూమి మీద సొసైటీకి హక్కు ఏర్పడుతుంది. ఆ కాయితం చదవకుండా వేలు పెట్టకండి. దానికి తోడు బాకీదారుడు పాలకవర్గానికి పోటీ చేయలేడు. అంటే సొసైటీలో బాకీ పడితే భూమితోపాటు మన కుర్చీ కూడా పోతుంది.

అందుకే గడువు దగ్గర పడ్డప్పుడు జరిగే ఆటను కనిపెట్టాలి. పసుపు ఇంకా కళ్లంలో ఉంటుంది, చేతిలో పైసలు ఉండవు. ఎవరో ఒకరు "నేను మూడు రోజులకు ఇస్త, లోను కట్టి మళ్లీ తీసుకో, లక్షకు వెయ్యి ఇయ్యి" అంటారు. మూడు రోజులకు లక్షకు వెయ్యి. 80 వేలకు 800. ఏడాది వడ్డీ 3,200 అయితే అందులో నాలుగో వంతు మూడు రోజుల్లో పోయింది. గడువు తేదీ లోను తీసుకున్న రోజే రాయించుకుని, తవ్వకం ముందే కొంత పసుపు అమ్ముకునే వీలుందా చూసుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది.

అంబేడ్కర్ 1918లో భారతదేశపు చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది గజాలతో కొలిచేది కాదని, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, శ్రమ ఏ పాళ్లలో ఉన్నాయో చూడాలని ఆయన వాదన. ఎకరం లావణి పట్టా మీద 24 శాతం వడ్డీ ఎక్కించి, తర్వాత "చిన్న కమతం, గిట్టదు" అనేవాళ్లకు ఆ వాదన నేటికీ జవాబే. గిట్టనిది ఎకరం కాదు, ఆ ఎకరానికి దొరికే పెట్టుబడి.

కాబట్టి నేను అనేది ఇది. లోను ఎక్కడ తొందరగా, మర్యాదగా దొరికితే అక్కడ తీసుకోండి. సభ్యత్వం మాత్రం సొసైటీలో తీసుకోండి. వెలివేత నడిచిన ఊరైతే పంట లోను బ్యాంకులో పెట్టుకోండి, సొసైటీలో చిన్న షేరు కట్టి ఓటు నిలబెట్టుకోండి. లోను తీసుకోకపోయినా సభ్యుడు సభ్యుడే. సభ్యత్వం ఇవ్వమంటే కారణం రాతపూర్వకంగా అడగండి, జిల్లా సహకార అధికారికి అప్పీలు పెట్టండి. నోటి మాటకు అప్పీలు ఉండదు, కాయితానికి ఉంటుంది.

కౌలు చేసేవాళ్లు ఐదారుగురు కలిసి ఉమ్మడి బాధ్యత గ్రూపుగా బ్యాంకును అడగవచ్చు. పట్టా లేకపోయినా ఆ దారి ఉంది. ఒకరికి ఒకరు పూచీ కాబట్టి గ్రూపులో ఎవర్ని కలుపుకుంటున్నామో చూసుకోవాలి. బ్యాంకు దాన్ని ఇష్టంగా చేయదు, గట్టిగా అడగాలి. 2011 చట్టం రద్దు కాలేదు. ప్రతి ఊరి నుంచి పదిమంది కౌలుదారులు తహసీల్దార్‌కు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుంటే, "ఎవరూ అడగడం లేదు" అనే మాట చెల్లదు.

విద్యార్థులకు ఒక పని. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ వాడలో ఇంటింటికీ మూడు ప్రశ్నలు అడగండి. సొసైటీలో ఓటున్న సభ్యులు ఎవరైనా ఉన్నారా? ఈ ఏడు పెట్టుబడి ఎక్కడి నుంచి, నూటికి ఎంతకు తెచ్చారు? లోను రాదని ఎవరు, ఏ కారణం చెప్పి తిప్పి పంపారు? మూడో ప్రశ్న జవాబును అన్న మాటలు అన్నట్టే రాసుకోండి. మా చిన్నాయనకు చెప్పిన మూడు రూళ్లలో మొదటిది చట్టంలో సగమే, రెండోది ఆయన ఎన్నడూ తేలేని కాయితం, మూడోది ఆయన్ని సభ్యుణ్ణి చేసుకోకపోవడం వల్లే పుట్టిన అడ్డు. మీ వాడలో ఎన్ని రూళ్లు ఇలాంటివో లెక్క తేలితే, ఆ లెక్కతో జిల్లా సహకార అధికారి ఆఫీసుకు, లీడ్ బ్యాంక్ ఆఫీసుకు ఒకే రోజు పోదాం.

జై భీమ్.